కిటికీ నీడ నుండి మిద్దె ఎండకు: నారును గట్టిపరచే పద్ధతి

బెంగళూరు నగరంలోని మిద్దెతోటలలో ప్రతి సంవత్సరం ఒకే విధమైన నష్టం కనిపిస్తూ ఉంటుంది. నాలుగైదు వారాల పాటు వంటింటి కిటికీ వద్ద శ్రద్ధగా పెంచిన టమాట, మిరప నారును ఒక ఉదయం మిద్దెమీదకు చేర్చి కుండీలలో నాటుతారు. సాయంత్రానికి ఆకులు వాలిపోతాయి. మరునాడో, ఆ పై రోజో ఆకుల మీద పలుచని కాగితం వంటి తెల్లని మచ్చలు తేలుతాయి. తెగులు సోకిందని తలచి కొందరు మందు చల్లుతారు. విత్తనం మంచిది కాదని మరికొందరు దుకాణదారుని నిందిస్తారు. వాస్తవానికి ఆ మొక్కకు తెగులూ సోకలేదు, విత్తనంలో దోషమూ లేదు. పుట్టిన నాటి నుండి ఎండను, గాలిని ఎరుగని మొక్కను ఒక్కసారిగా ఆ రెండింటి మధ్యకు నెట్టడమే ఈ నష్టానికి కారణం. నాటుటకు ముందు సుమారు పది రోజుల పాటు నారును క్రమంగా బయటి వాతావరణానికి అలవాటు చేస్తే ఈ నష్టం తప్పుతుంది. దీనినే నారును గట్టిపరచడం అంటారు.

ఊరి నారుమడికీ, నగరపు కిటికీకీ గల భేదం

స్వగ్రామంలో వ్యవసాయాన్ని చూసి పెరిగిన వారికి ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. ఊరిలో మిరప నారు పీకిన సాయంత్రమే పొలంలో నాటేవారు కదా, పది రోజుల అలవాటు అక్కడ ఎవరు చేశారు అని అడగవచ్చు. ఈ ప్రశ్న సమంజసమైనదే. సమాధానం నారుమడి ఉండే చోటులో ఉంది.

ఊరిలో నారుమడిని ఆరుబయట పోస్తారు. విత్తనం మొలకెత్తే వరకే మడిపై గడ్డి కప్పి, మొలక కనబడగానే తీసివేస్తారు. అనగా ఆ మొక్క తన మొదటి ఆకును ఎండలోనే విప్పుకుంటుంది, గాలికి ఊగుతూనే ఎదుగుతుంది. అందువలన ఎండకూ, గాలికీ దానిని వేరుగా అలవాటు చేయవలసిన అవసరం ఉండదు. నారు పీకడానికి వారం రోజుల ముందు నుండి రైతు మడికి నీరు తగ్గిస్తాడు. దానితో కాండం గట్టిపడి, వేరు తెగిన బాధను మొక్క తట్టుకోగలుగుతుంది.

నగరంలోని నారు అలా పెరగదు. ప్రోట్రేలో కొబ్బరి పొట్టు నింపి, గాజు కిటికీ వెనుకనో, మూడు వైపులా గోడలున్న బాల్కనీలోనో దానిని పెంచుతాము. నీటికి కొరత లేదు, గాలి తగలదు, నేరుగా ఎండ పడదు. కనుక ఊరి నారుకు నీటి విషయంలో మాత్రమే కావలసిన శిక్షణ, నగరపు నారుకు ఎండ, గాలి, నీరు అనే మూడు విషయాలలోనూ కావలసి వస్తుంది. ఊరి పద్ధతిని యథాతథంగా ఇక్కడ అనుసరించి, సాయంత్రం నాటి నీరు పోస్తే చాలునని భావించడం వలననే అనేకుల నారు పాడవుతున్నది.

ఎండ ఆకును ఎట్లు తెల్లబరుస్తుంది

మేఘాలు లేని మధ్యాహ్నం ఆరుబయట వెలుతురు దాదాపు 1,00,000 లక్స్ ఉంటుంది. ఎండ నేరుగా పడని కిటికీ లోపల అది ఒకటి రెండు వేల లక్స్‌ను మించకపోవడం సాధారణం. మన కన్ను వెలుతురుకు తగినట్లు వెంటనే సర్దుకుంటుంది గనుక ఈ వ్యత్యాసం మనకు తెలియదు. ఆకు అంత త్వరగా సర్దుకోలేదు.

తక్కువ వెలుతురులో పెరిగిన ఆకు వెడల్పుగా, పలుచగా ఉంటుంది. దొరికిన కొద్దిపాటి వెలుతురును జారవిడువకుండా పట్టుకొనేందుకు అనువుగా అది ఏర్పడుతుంది. అటువంటి ఆకు మీద ఒక్కసారిగా పూర్తి ఎండ పడినపుడు, తాను వినియోగించుకోగలిగిన దానికన్నా అనేక రెట్లు ఎక్కువ శక్తి దానిలోకి చేరుతుంది. ఆ మిగులు శక్తి ఆకులోని పత్రహరితాన్నే దెబ్బతీస్తుంది. పచ్చదనం పోయి, కణాలు ఎండి, తెల్లని మచ్చ మిగులుతుంది. దీనికి తోడు కిటికీ గాజు సూర్యకిరణాలలోని అతినీలలోహిత భాగాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. ఆ కిరణాల నుండి రక్షణ కల్పించే పదార్థాలను తయారు చేసుకోవలసిన అవసరం లోపల పెరిగిన ఆకుకు కలుగలేదు.

మన నగరంలో మరొక చిక్కు ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందున గాలి చల్లగా అనిపిస్తుంది. ఫిబ్రవరిలో పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 30 డిగ్రీల వద్ద ఉంటుంది. మనకు హాయిగా ఉన్నది గనుక మొక్కకు కూడా హాయిగా ఉంటుందని భావిస్తాము. కాని ఆకును కాల్చేది గాలి వేడి కాదు, ఎండ తీక్ష్ణత. చల్లని రోజున కూడా నిర్మలమైన ఆకాశం క్రింద నారు తెల్లబడుతుంది. కాబట్టి గాలి చల్లదనాన్ని చూసి నిర్ణయం తీసుకొనరాదు. నేల మీద నీడ ఎంత స్పష్టంగా పడుతున్నదో చూచి తీసుకోవలెను.

గాలి చేసే హాని, చేసే మేలు

గాలి వలన రెండు విధాల నష్టం కలుగుతుంది. మొదటిది తేమను లాగివేయడం. గది లోపలి నిశ్చలమైన గాలిలో పెరిగిన ఆకుపై మైనపు పొర పలుచగా ఉంటుంది. పొడిగాలి తగిలినపుడు ఆకు నుండి నీరు పోయే వేగం, వేర్లు నీరు అందించే వేగాన్ని మించిపోతుంది. కొబ్బరి పొట్టు తడిగా ఉన్నా మొక్క వాలిపోవడానికి కారణం ఇదే. రెండవది కాండానికి కలిగే దెబ్బ. వెలుతురు కొరకు సాగి పెరిగిన సన్నని కాండం గాలికి ఊగి, మొదటి దగ్గర ప్రోట్రే అంచుకు రాసుకొని గాయపడుతుంది, లేదా వంగిపోతుంది.

అయితే మితమైన గాలి మొక్కకు మేలు చేస్తుంది. కదలికకు లోనైన కాండం పొడవు పెరగడం తగ్గించి లావెక్కుతుంది. ఇంకా లోపల ఉన్నప్పుడే, రోజుకు రెండు మూడు సార్లు అరచేతితో నారు చివరలను మృదువుగా నిమిరితే కొంతవరకు ఇదే ఫలితం లభిస్తుంది.

మిద్దెపై స్థలాన్ని ఎంచుకొనేటపుడు పిట్టగోడ మీద గాని, భవనం మూలల వద్ద గాని ట్రేలను ఉంచరాదు. అక్కడ గాలి అన్నిటికన్నా బలంగా వీస్తుంది. జూన్ నుండి ఆగస్టు వరకు మన నగరంలో గాలి ప్రధానంగా పడమటి నుండి వీస్తుంది కనుక ఆ నెలలలో పడమటి వైపు అడ్డు ఉండవలెను. గాలిని పూర్తిగా ఆపే రేకు కన్నా, కొంత వదిలే షేడ్ నెట్ మంచి అడ్డు. రేకును దాటిన గాలి అవతల సుడి తిరిగి మొక్కలను ఇంకా కలచివేస్తుంది. నెట్ గుండా వచ్చిన గాలి వేగం తగ్గి నెమ్మదిగా తాకుతుంది.

పది రోజుల క్రమం

ఒక ఉదాహరణను తీసుకొందాము. మూడవ అంతస్తులోని ఇంట్లో జనవరి 18వ తేదీన ఒక ప్రోట్రేలో టమాట విత్తనాలు వేశారనుకొందాము. ఫిబ్రవరి 14 నాటికి మొక్కలకు నాలుగు నిజమైన ఆకులు వచ్చినవి. మొలకతో వచ్చే రెండు తొలి ఆకులను ఈ లెక్కలో చేర్చరాదు. నారు గట్టిపరచుటకు ఇది తగిన దశ. మిరప నిదానంగా పెరుగుతుంది గనుక దానికి మరొక పది రోజులు పట్టవచ్చును. రెండింటినీ ఒకే రోజున బయటికి తీయవలసిన అవసరం లేదు.

మొదటి రెండు రోజులు, అనగా ఫిబ్రవరి 14, 15 తేదీలలో, ట్రేను బయట నీడలో రెండు మూడు గంటలు ఉంచవలెను. నీళ్ల ట్యాంకు క్రింద గాని, మెట్ల గది గోడ ప్రక్కన గాని ఉండే నీడ ఇందుకు చాలును. ఆ నీడ నుండి ఆకాశం బాగా కనిపించవలెను. ఇక్కడ వెలుతురు ఇంటి లోపలి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మొక్క దృష్టిలో ఇదే పెద్ద మార్పు. ట్రేను సిమెంటు నేలపై నేరుగా పెట్టరాదు. నేల వేడి చిన్న గళ్లలోని వేళ్లకు చేరుతుంది. రెండు ఇటుకలపై చెక్క వేసి దానిపై ఉంచవలెను.

మూడవ, నాలుగవ రోజులలో ఉదయం 7 గంటల నుండి 8 గంటల వరకు నేరుగా ఎండ తగలనిచ్చి, తరువాత మధ్యాహ్నం వరకు నీడలో ఉంచవలెను. అయిదవ, ఆరవ రోజులలో ఎండను 9 గంటల వరకు, ఆ పిదప 10 గంటల వరకు పొడిగించవచ్చు. ఈ రోజులలో ట్రే సాయంత్రం దాకా బయటనే, నీడలో ఉండవచ్చును. ఏడవ, ఎనిమిదవ రోజులలో ఉదయం నుండి 11 గంటల వరకు, తిరిగి సాయంత్రం 4 గంటల తరువాత ఎండ తగలవలెను. రాత్రులు కూడా బయటనే విడువవచ్చు. చివరి రెండు రోజులు ట్రే రోజంతా తాను నాటబడే చోటనే ఉంటుంది. ఆ రెండు రోజులలో మధ్యాహ్నం 12 నుండి 3 వరకు మాత్రం 50 శాతం షేడ్ నెట్ గాని, పలుచని తెల్ల పంచె గాని పైన కట్టవలెను. 24వ తేదీ సాయంత్రం నాటుకోవచ్చును.

ఈ గంటలు ఖచ్చితమైన శాసనాలు కావు. మొక్క చెప్పే మాటను బట్టి మార్చుకోవలెను. మబ్బు పట్టిన రోజును ఎండ రోజుగా లెక్కించరాదు. అయిదవ, ఆరవ రోజులు మబ్బుగా గడిచి ఏడవ రోజు ఆకాశం నిర్మలమైతే, ఆ రోజును అయిదవ రోజుగానే భావించి మొదలుపెట్టవలెను. గట్టిపడిన నారును ఏ కారణం చేతనైనా తిరిగి వారం రోజులు ఇంటిలో పెడితే, ఆ కాలంలో వచ్చిన లేత ఆకులు మరల నీడ ఆకులే. వాటికి క్రమం మళ్లీ అవసరమవుతుంది.

నీరు ఎంత, ఎప్పుడు

నీరు తగ్గించమన్నారు గదా అని ట్రేను ఎండబెట్టడం మరొక పొరపాటు. నారుమడిలో వేరు క్రింది మట్టి నుండి తేమను వెదకుకొంటుంది. ప్రోట్రే గడిలో ఉన్నది కొన్ని చెంచాల కొబ్బరి పొట్టు మాత్రమే. బయటి గాలిలో అది ఒక్క పూటలో ఆరిపోగలదు.

ట్రేను చేతితో ఎత్తి బరువును గమనించడం అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష. ఉదయం బయటికి తీసే ముందు నీరు పోసి ఒకసారి ఎత్తి చూడండి. మధ్యాహ్నం మరల ఎత్తండి. బరువు సగానికి తగ్గినట్లు తోచినా ఆకులు నిటారుగా ఉంటే నీరు పోయకుండా వేచి ఉండవచ్చును. ఆకు చివరలు మెత్తబడి క్రిందికి వాలడం మొదలైతే వెంటనే నీడకు తీసుకొని పోయి నీరు పోయవలెను. రెండు నీళ్ల మధ్య వ్యవధిని పెంచడమే ఇక్కడి ఉద్దేశం. మొక్కను వాడబెట్టడం కాదు. ఈ పది రోజులలో నత్రజని ఎక్కువగా ఉండే ఎరువు నీళ్లు పోయరాదు. అవి లేత, మెత్తని ఆకులను పుట్టించి చేసిన శ్రమను వ్యర్థం చేస్తాయి.

మచ్చను చూసి కారణం గుర్తించుట

పై ఉదాహరణలో అయిదవ రోజున ట్రేను 9 గంటలకు నీడకు మార్చడం మరచి, మధ్యాహ్నం ఒంటిగంటకు గుర్తుకు వచ్చిందనుకొందాము. మరునాటికి పై ఆకులపై తెల్లని మచ్చలు కనిపిస్తాయి. అవి ఎండదెబ్బయా, తెగులా అన్నది మందు కొనడానికి ముందే తెలుసుకోవచ్చును.

ఎండదెబ్బ సూర్యునికి ఎదురుగా ఉన్న భాగాలపైనే పడుతుంది. ఒక ఆకు నీడ మరొక ఆకుపై పడిన చోట పచ్చదనం అలాగే నిలిచి ఉంటుంది. ఈ గుర్తు ఒక్కటి చూసినా చాలును. మచ్చ తెల్లగా లేదా గడ్డి రంగులో, పొడిగా ఉంటుంది. మొదటి రెండు రోజుల తరువాత పెద్దది కాదు, కొత్త ఆకులకు ప్రాకదు. శిలీంధ్రపు తెగులు మచ్చ అయితే క్రింది ఆకులపై, నీడలో ఉన్న ఆకులపై కూడా వస్తుంది. చుట్టూ పసుపు వలయం ఏర్పడవచ్చును. రోజురోజుకూ పెరుగుతుంది. గాలి దెబ్బ ఆకు అంచుల నుండి మొదలై గోధుమ రంగుకు తిరిగి పెళుసుబారుతుంది. కాండం మొదలు నేలకు తాకే చోట నీరు పట్టినట్లై, సన్నబడి మొక్క ఒరిగిపోతే అది నారుకుళ్లు. దానికి కారణం ఎండ కాదు, అధికమైన తడి.

ఎండదెబ్బ తగిలిన నారును పారవేయవలసిన పని లేదు. నడిమి చిగురు పచ్చగా ఉన్నదా అని చూడండి. ఉంటే మొక్క బ్రతుకుతుంది. తెల్లబడిన భాగం మరల పచ్చబడదు. కాని అదే ఆకులో మిగిలిన పచ్చని భాగం మొక్కకు ఆహారం ఇస్తూనే ఉంటుంది గనుక ఆకును త్రుంచరాదు. ట్రేను రెండు రోజులు నీడలో ఉంచి, మూడవ రోజు క్రమం నుండి మరల ప్రారంభించవలెను. పది రోజులకు బదులు పదిహేను రోజులు పడుతుంది, అంతే. వారంలో వచ్చే కొత్త ఆకు చిన్నదిగా, మందంగా, ముదురు పచ్చగా ఉంటే అది ఎండలో పుట్టిన ఆకు అని గ్రహించవలెను. నారు సిద్ధమైనదని చెప్పడానికి పది రోజుల లెక్క కన్నా ఈ కొత్త ఆకే మేలైన సాక్ష్యం. టమాట కాండంపై కొద్దిగా ఊదారంగు తేలడం కూడా ఈ సమయంలో సహజమే.

ఉదయమే ఉద్యోగానికి వెళ్లేవారికి

భార్యాభర్తలిరువురూ పనికి వెళ్లే ఇళ్లలో గంట గంటకు ట్రేను మార్చడం సాధ్యం కాదు. వారు ట్రేను కదపక, పైనున్న నీడను తగ్గిస్తూ పోవచ్చును. మొదటి రెండు రోజులు సెలవు దినములుగా చూచుకొని ట్రేను పూర్తి నీడలో ఉంచవలెను. తరువాత నాలుగు రోజులు 50 శాతం షేడ్ నెట్‌ను రెండు పొరలుగా మడిచి, ట్రేకు రెండు అడుగుల ఎత్తున కట్టవలెను. రెండు పొరల గుండా సుమారు నాలుగవ వంతు వెలుతురే లోపలికి వస్తుంది. ఆ పిదప నాలుగు రోజులు ఒక పొరనే ఉంచవలెను. చివర రెండు రోజులు ఉదయం, సాయంత్రం నెట్ తీసివేసి, పనికి వెళ్లేటపుడు కప్పవలెను. ఈ విధానంలో రెండు రోజులు ఎక్కువ పడుతుంది. పగలు నీరు పోసేవారు ఉండరు గనుక, ఉదయం బయలుదేరే ముందు ట్రే అడుగున పలుచగా తడిపిన గోనెపట్టా పరచడం మంచిది.

తూర్పు బాల్కనీ మాత్రమే ఉన్నవారికి పని సులభమే. అక్కడ ఉదయపు ఎండ పడి, మధ్యాహ్నానికి తానుగా తొలగిపోతుంది. పడమటి బాల్కనీ ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ ఉదయమంతా నీడ ఉండి, మధ్యాహ్నం తీక్ష్ణమైన ఎండ ఒక్కసారిగా పడుతుంది. ఆ ఇళ్లవారు నెట్ లేకుండా నారును బయట పెట్టరాదు.

నాటిన తరువాత, నాటకుండా ఉన్న తరువాత

గట్టిపరచిన నారును సాయంత్రం నాటి, వేర్ల చుట్టూ ఉన్న కొబ్బరి పొట్టు చెదరకుండా మట్టి అదిమి, నీరు పోయవలెను. ఎంత గట్టిపడిన మొక్కకైనా కుండీ మట్టిలో కొత్త వేరు పాదుకొనే వరకు, మూడు నాలుగు రోజులు మధ్యాహ్నపు నీడ అవసరమే. ఒక సన్నని కర్రకు వదులుగా కట్టితే గాలికి మొదలు కదలదు.

నర్సరీ నుండి కొని తెచ్చిన నారుకు సైతం ఈ క్రమం వర్తిస్తుంది. అది చాలావరకు నెట్ షెడ్డులో పెరిగినది. ఎన్ని రోజులు ఆరుబయట ఉంచారో కొనేటపుడు అడగండి. ఉంచలేదంటే ఏడవ రోజు నుండి కాక, మూడవ రోజు నుండి ప్రారంభించండి.

పద్ధతికి ఒక పరిమితి కూడా ఉంది. గట్టిపరచడం మంచిదని మూడు నాలుగు వారాలు ట్రేలోనే ఉంచితే వేర్లు గడిలో చుట్టుకొని, కాండం కట్టెబారి, మొక్క చిన్నదిగా ఉండగానే పూత పూస్తుంది. అటువంటి మొక్క నాటిన పిదప సరిగా పెరగదు. సొర, బీర, కాకర వంటి తీగజాతులకూ, తోటకూర వంటి ఆకుకూరలకూ ఈ శ్రమ అవసరం లేదు. వాటి విత్తనాలను నేరుగా కుండీలోనే, మిద్దెమీద ఎండలోనే వేయవచ్చును. అవి ఊరి నారుమడిలోని మొక్కలవలె మొదటి ఆకు నుండే ఎండను ఎరిగి పెరుగుతాయి.